రిజ్ తిట్టు కాదు

(ఉపాధ్యాయులు, తాతయ్యలు, అమ్మమ్మలు, నానమ్మల సమావేశంలో ఒక ఇంగ్లీషు టీచర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నేను ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు ఇంగ్లీషు చెబుతాను. పిల్లల నోట వినబడే కొత్త మాటలన్నీ ఒకప్పుడు నోట్‌బుక్కులో రాసుకునేదాన్ని. ఇటు మాట, అటు అర్థం. ఏడాది తిరిగేసరికి అందులో సగం మాటలు ఎవరూ అనడం లేదు. అందుకని ఇవాళ మీకు ఆ జాబితా చదవను. ఒక్క మాట తీసుకుని, దాన్ని మొదలు నుంచి చివరిదాకా విప్పి చూపిస్తాను. ఆ మాట రిజ్. దాని పక్కన ఇంకో రెండు మూడు మాటలు పెట్టి చూద్దాం.

ముందు నా క్లాసులో జరిగింది చెప్పాలి. ఏడో తరగతి. నోట్సు దిద్దించుకోవాల్సిన రోజు. ఒక అబ్బాయి పూర్తి చేయలేదు. నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. సాకులేమీ చెప్పలేదు. "తప్పు నాదే మేడమ్. పక్కవాడిది చూసి రాసేయొచ్చు, కానీ మీరు చెప్పింది నాకు అర్థమైంది, సొంతంగా రాస్తాను. రెండు రోజులు టైమ్ ఇస్తారా?" అన్నాడు. అడిగిన తీరుకి ముచ్చటేసి సరేనన్నాను. వాడు వెనక్కి తిరిగాడో లేదో, చివరి బెంచీ నుంచి ఒక గొంతు వినబడింది: "మేడమ్‌ని రిజ్ అప్ చేసేశాడు బ్రో!" క్లాసంతా గొల్లుమంది.

రిజ్ అంటే ఏమిటో నాకు అప్పటికి తెలియదు. నవ్వు మాత్రం వినబడింది. మనకి తెలియని మాట అని పిల్లలు నవ్వితే, అది మన మీద విసిరిన మాటే అనిపిస్తుంది. చివరి బెంచీ అబ్బాయిని పీరియడ్ అయ్యేదాకా బయట నిలబెట్టాను. వాళ్ళ ఇంటికి డైరీలో రాసి పంపాను కూడా.

అదే వారంలో మరొకటి జరిగింది. వరండాలో కొందరు అబ్బాయిలు నిలబడి ఉన్నారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వాళ్ళ ముందు నుంచి వెళ్ళింది. ఒకడు "గ్యాట్!" అని అరిచాడు. మిగతావాళ్ళు నవ్వారు. ఆ అమ్మాయి పుస్తకాలు గుండెకి హత్తుకుని, తల దించుకుని గబగబా వెళ్ళిపోయింది. నేను అంతా చూశాను. ఏదో వీడియోలో విన్న అరుపై ఉంటుందిలే అనుకుని స్టాఫ్‌రూమ్‌లోకి వెళ్ళిపోయాను.

ఈ రెండిట్లో నేను ఆపాల్సింది రెండోది. శిక్ష వేసింది మొదటిదానికి. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇవాళ ఇక్కడ మాట్లాడుతున్నది అందుకే.

ఇప్పుడు రిజ్ దగ్గరికి వద్దాం.

కరిజ్మా అనే మాట మీ అందరికీ తెలుసు. ఫలానా నాయకుడికి కరిజ్మా ఉంది, ఫలానా హీరోకి కరిజ్మా ఉంది అని మనమే అంటుంటాం. గ్రీకు నుంచి వచ్చిన మాట అది. దేవుడి దయ వల్ల దక్కిన వరం అన్నది పాత అర్థం. నలుగురినీ తనవైపు లాగే శక్తి అన్నది ఇప్పటి అర్థం. ఆ మాటని తెలుగులో రాసి చూడండి: క, రిజ్, మా. ముందు అక్షరం తీసేయండి, చివరి అక్షరం తీసేయండి. మిగిలింది రిజ్. ఇంగ్లీషు స్పెల్లింగులో ఇది కంటికి ఆనదు, ఎందుకంటే కరిజ్మాని వాళ్ళు ఎస్‌తో రాస్తారు, రిజ్‌ని రెండు జెడ్‌లతో రాస్తారు. మన లిపి పలికినట్టే రాస్తుంది కాబట్టి మనకి కళ్ళ ముందే ఉంది.

మాటని ఇలా రెండువైపులా కోసి మధ్య ముక్క వాడుకోవడం వింతేమీ కాదు. రెఫ్రిజిరేటర్ మధ్యలోంచి వచ్చిందే ఫ్రిజ్. ఇన్‌ఫ్లుయెంజా మధ్యలోంచి వచ్చిందే ఫ్లూ. టెలిఫోన్ ముందు భాగం పోయి ఫోన్ మిగిలింది. ఫ్రిజ్‌ని ఇంగ్లీషు పాడైపోయిందనడానికి ఉదాహరణగా ఇవాళ ఎవరూ చూపించరు. రిజ్ కూడా అదే దారిలో పుట్టిన మాట అని ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్ళు భావిస్తున్నారు. 2023 సంవత్సరానికి మేటి మాటగా వాళ్ళు ఎంచుకున్నది కూడా దీన్నే.

దీన్ని జనంలోకి తెచ్చినవాడు కై సెనాట్ అనే అమెరికన్ కుర్రాడు. ట్విచ్ అనే వేదిక మీద గంటల తరబడి లైవ్‌లో మాట్లాడుతూ ఉంటాడు, లక్షల మంది పిల్లలు చూస్తారు. 2021, 2022 ప్రాంతంలో అతనూ అతని స్నేహితులూ ఈ మాటని తెగ వాడారు. అక్కడి నుంచి చిన్న చిన్న వీడియోల్లోకి పాకింది. 2023 జూన్‌లో టామ్ హాలండ్ అనే హాలీవుడ్ నటుణ్ణి ఒక ఇంటర్వ్యూలో నీ రిజ్ సంగతేమిటని అడిగితే, నాకు బొత్తిగా లేదన్నాడు. ఆ ముక్క ఊరూరా తిరిగింది. అప్పటిదాకా కుర్రకారు మధ్య ఉన్న మాట పత్రికల్లోకి ఎక్కింది.

కై సెనాట్ మొదట చెప్పిన అర్థం చాలా ఇరుకైనది. ఒక అమ్మాయితో మాట కలిపినప్పుడు మొదట ఆమె పట్టించుకోకపోయినా, మాటల నేర్పుతో ఆమెని తనవైపు తిప్పుకోవడం. మన వాడుకలో అయితే మాటలతో పడేశాడు అంటాం. రిజ్ ఉన్నవాడు మాటకారి. రిజ్ అప్ చేయడం అంటే పడేయడం. ఇంత దగ్గరి మాట తెలుగులో ఉంది కాబట్టి దీన్ని గుర్తుపెట్టుకోవడం మీకు కష్టం కాదు. మాటకారి అన్నది ఒక్క ప్రేమ వ్యవహారాలకే కాదు కదా. బేరం ఆడేవాణ్ణీ అంటాం, పనులు చక్కబెట్టుకొచ్చేవాణ్ణీ అంటాం. పడేశాడు అన్నది కూడా అంతే, ఆఫీసర్ని మాటలతో పడేశాడు అంటే అక్కడ ప్రేమ లేదు. రిజ్ విషయంలోనూ సరిగ్గా ఇదే జరిగింది. పద్దెనిమిదేళ్ళ వాళ్ళ నోటి నుంచి పదేళ్ళ వాళ్ళ నోటికి వచ్చేసరికి అమ్మాయి అబ్బాయి అన్న సందర్భం చాలాసార్లు జారిపోయి, ఎదుటివాళ్ళని మెప్పించి పని సాధించుకోవడం అన్నది మిగిలింది.

ఇప్పుడు నా క్లాసులో వినబడిన వాక్యం మళ్ళీ చూడండి. "మేడమ్‌ని రిజ్ అప్ చేసేశాడు బ్రో." మాటలతో మేడమ్‌ని ఒప్పించేశాడురా అని. అంతకు మించి అందులో ఏమీ లేదు. పైగా అది స్నేహితుడికి ఇచ్చిన మెచ్చుకోలు. నిజం కూడా, నేను ఒప్పుకున్నాను కాబట్టే కదా ఆ మాట వచ్చింది.

ఆ వాక్యంలో ఇంగ్లీషు టీచర్‌గా నాకు ఇంకోటి నచ్చింది. వాడు అమెరికా పిల్లలలాగా రిజ్‌కి ఇంగ్లీషు ప్రత్యయం తగిలించలేదు. రిజ్ అప్ పక్కన చేయడం చేర్చి, మేడమ్‌కి ద్వితీయా విభక్తి పెట్టి, తెలుగు వాక్యంలో కూర్చోబెట్టాడు. మనం ఫోన్ చేశాను, అడ్జస్ట్ చేశాను అన్నట్టే. ఆ మాట వాడికి పూర్తిగా సొంతమైపోయింది.

దీని చుట్టూ ఒక చిన్న కుటుంబం ఉంది. బాగా మాట్లాడి నెగ్గితే డబ్ల్యూ రిజ్, నోరు తెరిచి పాడుచేసుకుంటే ఎల్ రిజ్. డబ్ల్యూ అంటే గెలుపు, ఎల్ అంటే ఓటమి, ఆటల స్కోరు నుంచి వచ్చిన గుర్తులు. ఏమీ మాట్లాడకుండానే ఆకట్టుకుంటే అన్‌స్పోకెన్ రిజ్. రిజ్ ఉన్న మనిషి రిజ్లర్. మీ మనవరాలు ఫోన్‌లో "తాతయ్య ఫుల్ రిజ్" అని ఎవరితోనో చెబుతుంటే నిశ్చింతగా వినండి, మిమ్మల్ని మెచ్చుకుంటోంది.

మరి గ్యాట్ సంగతి. ఇక్కడ కాస్త సూటిగా మాట్లాడాలి, పెద్దవాళ్ళు మన్నించాలి. అమెరికాలో నల్లజాతివారి ఇంగ్లీషులో ఆశ్చర్యంతో గాడ్ డామ్ అనే పలుకుబడి ఉంది. దాని ముందు మాటని సాగదీసి పలికితే వచ్చిన శబ్దం గ్యాట్. లైవ్‌లో మాట్లాడే ఆ కుర్రాళ్ళు తెర మీద ఆకర్షణీయమైన స్త్రీ కనబడగానే ఇలా అరవడం అలవాటు చేశారు. తర్వాత అది అరుపుగానే ఆగలేదు, స్త్రీ పిరుదులకి పేరైపోయింది. అంటే వరండాలో ఆ కుర్రాడు చేసింది ఒక అమ్మాయి ఒంటి మీద పైకి వినబడేలా చేసిన వ్యాఖ్య. తెలుగులో అని ఉంటే నేను అక్కడికక్కడే వాణ్ణి హెడ్‌మాస్టర్ దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని. తెలియని శబ్దం కాబట్టి వదిలేశాను. ఆ అమ్మాయికి మాత్రం అర్థం తెలుసు. నేను విన్నానని కూడా తెలుసు. ఇప్పటికీ నన్ను బాధపెట్టేది అదే.

చిన్న పిల్లలు దీన్ని అర్థం తెలియక అంటారు, అది కూడా చెప్పాలి. ఎనిమిదేళ్ళవాడు బంతి గోడకి తగలగానే గ్యాట్ అని అరిస్తే వాడి మనసులో ఏ దురుద్దేశమూ లేదు. వాణ్ణి కొట్టకండి, గట్టిగా తిట్టకండి. "అది ఆడవాళ్ళ ఒంటి గురించి అనే మాట నాన్నా, మంచిది కాదు" అని ఒక్కసారి చెబితే చాలు. పద్నాలుగేళ్ళవాడు అమ్మాయిని చూసి అంటే అది వేరే సంగతి.

ఇక మూడో రకం ఉంది. అర్థం అడిగితే అసలు చెప్పలేని మాటలు. స్కిబిడీ విన్నారా? 2023 ఫిబ్రవరిలో యూట్యూబ్‌లో ఒక యానిమేషన్ సిరీస్ మొదలైంది. టాయిలెట్ల లోంచి తలకాయలు పైకి లేచి, కెమెరా తలలున్న మనుషులతో యుద్ధం చేస్తాయి. దాని పేరులోంచి పిల్లలు ఏరుకున్న శబ్దం ఇది. బాగుందనడానికీ వాడతారు, బాగాలేదనడానికీ వాడతారు, ఊరికే నవ్వడానికీ వాడతారు. 2025లో కేంబ్రిడ్జ్ నిఘంటువు దీన్ని చేర్చుకున్నప్పుడు, దీనికి అసలు అర్థమే లేకుండా సరదాకి కూడా వాడతారని అందులోనే రాసింది. అలాంటిదే 67. సిక్స్ సెవెన్ అంటూ రెండు అరచేతులూ పైకి తిప్పి, తక్కెడ సిబ్బెల్లాగా ఒకటి పైకి ఒకటి కిందికి ఆడిస్తారు. ఒక అమెరికన్ ర్యాప్ పాటలో వచ్చే అంకెలు అవి. లమెలో బాల్ అనే బాస్కెట్‌బాల్ ఆటగాడి ఎత్తు ఆరడుగుల ఏడు అంగుళాలు. ఆ పాటని అతని వీడియోల వెనక పెట్టి తిప్పడంతో పిల్లలకి పట్టుకుంది. Dictionary.com 2025 సంవత్సరపు మాటగా ఎంచుకున్నది ఈ అంకెనే. మీకు అర్థం కాలేదని మథనపడకండి. అందులో అర్థం చేసుకోవడానికి ఏమీ లేదు. ఒకడు సిక్స్ అంటే ఇంకొకడు సెవెన్ అంటాడు. నువ్వూ మాలో ఒకడివే అని తెలుస్తుంది. దాని పని అంతే.

ఈ మూడు రకాలని ఎలా కనిపెట్టాలి? నేను చేసేది చెబుతాను. మాట విన్న వెంటనే ఏమీ అనను. కాసేపాగి, ఆ పిల్లవాణ్ణో పిల్లనో ఒంటరిగా ఉన్నప్పుడు మామూలు గొంతుతో అడుగుతాను: "ఇందాక అన్నావే, ఆ మాటకి అర్థం ఏమిటి?" నలుగురి ముందు అడగకూడదు, అడిగితే నాటకం మొదలవుతుంది. రిజ్ లాంటి మాట అయితే ఠక్కున చెప్పేస్తారు, ఉదాహరణ కూడా ఇస్తారు, మేడమ్‌కి చెబుతున్నామన్న హుషారు కనబడుతుంది. 67 లాంటిదయితే నవ్వేసి, "ఏమీ లేదు మేడమ్, ఊరికే" అంటారు. అది అబద్ధం కాదు, నిజంగానే ఏమీ లేదు. గ్యాట్ లాంటిదయితే కళ్ళు నేల మీదికి వెళ్తాయి. లేదా అతి మర్యాదగా ఒక వివరణ వస్తుంది. గ్యాట్ అంటే గెట్ యువర్ యాక్ట్ టుగెదర్ అన్న దానికి పొట్టి రూపమని, బుద్ధిగా ఉండమని దాని అర్థమని నాతో ఒకడు చెప్పాడు. పెద్దవాళ్ళకి చెప్పడం కోసమే అల్లిన వివరణ అది. మాట పుట్టిన తీరుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. బూతు వినిపించిన చోట ఇంత నీతివాక్యం వినబడితే కాస్త ఆగి ఆలోచించండి.

ఈ పద్ధతి ప్రతిసారీ పనిచేయదు. పిల్లవాడికే అర్థం తెలియని మాటలుంటాయి, ఇందాక చెప్పిన ఎనిమిదేళ్ళవాడిలాగా. అందుకని మాటతో పాటు అది ఎవరి వైపు విసిరారో చూడండి, ఆ ఎవరో ఎలా ఉన్నారో చూడండి. రిజ్ కూడా అంతే. నా క్లాసులో అది మెప్పు. కానీ ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ప్రాజెక్టు గురించి మాట్లాడుకుంటుంటే ప్రతిసారీ ఐదుగురు చుట్టూ చేరి "రిజ్, రిజ్" అని అరుస్తున్నారనుకోండి. వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడమే మానేస్తారు. మాట అదే, అక్కడ అది వేధింపు. అప్పుడు ఆపాలి.

(సభలో ఒక నానమ్మగారు: "మా మనవడు నన్ను సిగ్మా నానమ్మా అంటాడమ్మా. అది మంచిదేనా?")

మంచిదేనండి, మీ వరకు. మనవడికి ఎన్నేళ్ళు? తొమ్మిదా? అయితే గొప్ప నానమ్మ అంటున్నాడు. సిగ్మా గ్రీకు అక్షరం. ఆల్ఫా, బీటా అని మగవాళ్ళని మెట్లమెట్లుగా విడగొట్టే వాదం ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. ఎవరికీ లొంగకుండా, ఎవరితోనూ కలవకుండా ఒంటరిగా తిరిగే గొప్ప మగాడికి అక్కడ 2010 ప్రాంతంలో సిగ్మా అని పేరు పెట్టారు. చిన్న పిల్లలు ఆ వాదాన్ని వదిలేసి పేరు మాత్రం పట్టుకొచ్చారు. కాబట్టి మీ మనవడు సిగ్మా అంటే దగ్గరికి తీసుకోండి. కానీ పదిహేనేళ్ళవాడు ఉన్నట్టుండి స్నేహితుల్ని వదిలేసి గదిలో ఒంటరిగా ఉంటూ, ఫలానావాడు బీటా, అమ్మాయిలందరూ ఇంతే అని మాట్లాడుతుంటే, అప్పుడు అది మాట కాదు, ఆ వాదమే లోపలికి వెళ్ళింది. వాడితో కూర్చోవాలి. ఏం చూస్తున్నాడో అడగాలి. మాట వాడొద్దని చెప్పి ఊరుకుంటే సరిపోదు.

ఆ చివరి బెంచీ అబ్బాయి ఏమయ్యాడని మీరు అడగలేదు కానీ నేను చెప్పాలి. రిజ్ అంటే ఏమిటో తెలిసిన మర్నాడు క్లాసులో అందరి ముందు వాడికి సారీ చెప్పాను. శిక్ష అందరి ముందు వేశాను కాబట్టి సారీ కూడా అందరి ముందే చెప్పాలనిపించింది. డైరీలో నేను రాసిన దాని కింద, నేను పొరబడ్డానని, మీ అబ్బాయి తప్పేమీ అనలేదని రాసి సంతకం చేశాను. వాడు డైరీ తీసుకుని, "పర్లేదు మేడమ్" అన్నాడు. ఆ తర్వాత కొత్త మాట ఏదైనా వస్తే నాకు మొదట వచ్చి చెప్పేది వాడే. ఆ తొమ్మిదో తరగతి అమ్మాయితో కూడా మాట్లాడాను. ఆ రోజు విన్నానని, ఆపలేదని, అది నా తప్పని చెప్పాను. ఆ అమ్మాయి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ఆ వరండా వైపు రావడం మానేశానని, మెట్ల వెనక నుంచి తిరిగి వెళ్తున్నానని చెప్పింది. ఇప్పుడు ఇంటర్వెల్‌లో నేను ఆ వరండాలోనే నిలబడతాను.

చివరగా, మాటల్ని నిషేధించాలా అని ఇందాక టీ దగ్గర ఇద్దరు ముగ్గురు టీచర్లు అడిగారు. గ్యాట్‌ని నేను ఆపుతాను, ఎందుకో కారణం చెప్పి ఆపుతాను. రిజ్ జోలికి వెళ్ళను. 67ని గోడ మీద రాసి నిషేధిస్తే ఆ గోడే వాళ్ళకి ఆట అవుతుంది, పేజీ నంబరు వచ్చినా గొడవే, మార్కులు చదివినా గొడవే. మా రీడర్‌లో ఒక పాఠం సరిగ్గా 67వ పేజీలో మొదలవుతుంది. మొదట్లో ఆ అంకె పలక్కుండా "66 తర్వాతి పేజీ" అనేదాన్ని, దాంతో గోల రెట్టింపయ్యేది. ఇప్పుడు నేనే స్పష్టంగా "67వ పేజీ తీయండి" అంటాను. నలభై జతల చేతులు పైకీ కిందికీ ఆడతాయి. ఐదు సెకన్లు ఆగుతాను. చేతులు దిగుతాయి. మొదటి పేరా ఎవరు చదువుతారని అడుగుతాను.